ఆరు నెలల అద్దె ముందే ఇస్తే మూడేళ్లు పెంచకుండా ఉంటారా?

ప్రశ్న: మేం ఈ ఇంట్లో రెండేళ్లుగా ఉంటున్నాం. ఇంటి ఓనర్ మంచివారే కానీ అగ్రిమెంట్ కొత్తగా రాసిన ప్రతిసారీ 5 శాతం పెంచుతారు. మా అబ్బాయి చదువు పూర్తవడానికి ఇంకా మూడేళ్లు ఉంది, అప్పటిదాకా ఇల్లు మారే ఆలోచన లేదు. ఆరు నెలల అద్దె ఒకేసారి అడ్వాన్స్‌గా ఇచ్చి, బదులుగా మూడేళ్లు అద్దె పెంచొద్దని అడగాలనుకుంటున్నాను. సగం డబ్బు చేతిలో ఉంది, మిగతా సగం లోన్ తీసుకుంటాను. మా ఆవిడ అంత డబ్బు వాళ్ల చేతిలో పెట్టడం ఎందుకని భయపడుతోంది. ఇది మాకు లాభమేనా? ఓనర్‌ని ఎలా అడగాలి? అగ్రిమెంట్‌లో ఏం రాయించుకోవాలి?

జవాబు: అడగండి, తప్పేం లేదు. కానీ లోన్ తీసుకుని మాత్రం వద్దు. మీ ఆవిడ గారి భయంలో నిజం ఉంది, దాన్ని పక్కన పెట్టకండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

కొత్త అగ్రిమెంట్‌లో మొదటి ఏడాదికి ఓనర్ అడిగే నెల అద్దెను 100 అనుకుందాం. మీ అద్దె ఎంతైనా ఈ లెక్కను దానికి సరిపడా పెంచుకోవచ్చు. ఏటా 5 శాతం పెంచితే రెండో ఏడాది నెలకు 105, మూడో ఏడాది 110 పైచిలుకు అవుతుంది. మూడేళ్లకు కలిపి మీరు కట్టేది 3,783. అద్దె 100 దగ్గరే ఆగిపోతే కట్టేది 3,600. తేడా 183, అంటే రెండు నెలల అద్దెకు కాస్త తక్కువ. ఈ ఏర్పాటు వల్ల మీకు మహా అయితే మిగిలేది అంతే. మీరు ఇవ్వబోయే అడ్వాన్స్, తీసుకోబోయే రిస్కు, కట్టే వడ్డీ అన్నీ ఈ 183తోనే పోల్చి చూడాలి.

ఆ 183 ఎప్పుడు మిగులుతుందో కూడా చూడండి. మొదటి ఏడాది ఏమీ మిగలదు, ఎలాగూ 100 కట్టేవారే కదా. రెండో ఏడాది 60, మూడో ఏడాది 123 మిగులుతుంది. లాభంలో మూడింట రెండు వంతులు చివరి ఏడాదిలోనే ఉంది. ఏ కారణం వల్లనైనా ఏడాదికే ఖాళీ చేయాల్సి వస్తే మీకు ఒరిగేది సున్నా, అడ్వాన్స్ మాత్రం ఇచ్చేసి ఉంటారు. రెండేళ్లకు కదిలితే దక్కేది 60. కాబట్టి అన్నిటికంటే ముందు మీరిద్దరూ కూర్చుని ఒక ప్రశ్న వేసుకోండి. ఉద్యోగం మారినా, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోకపోయినా మూడో ఏడాది చివరిదాకా ఇక్కడే ఉంటామా? ఉంటామని గట్టిగా అనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

ఇక అడ్వాన్స్ సంగతి. ఆరు నెలల అద్దె ముందే ఇస్తాను అనడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ డబ్బు ఏ నెలల అద్దె కింద జమ అవుతుందో మాట్లాడుకోరు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఆరు నెలల డబ్బు మొదటి ఆరు నెలల అద్దె కింద జమ అయిందనుకోండి. మొదటి నెల అద్దె ఎలాగూ ఇప్పుడు కట్టాల్సిందే. రెండో నెలది ఒక నెల ముందు, మూడోది రెండు నెలల ముందు, అలా ఆరోది ఐదు నెలల ముందు ఇచ్చినట్టు. పొదుపులో ఏడాదికి 6 శాతం, అంటే నూటికి నెలకు అర చొప్పున వడ్డీ వస్తుందనుకుంటే, ముందే ఇవ్వడం వల్ల మీరు వదులుకునేది 7.5 మాత్రమే. 183 లాభం ముందు ఇది లెక్కలోకే రాదు. ఆరు నెలలు గడిచేసరికి ఆయన దగ్గర మీ డబ్బేమీ ఉండదు.

అదే డబ్బు చివరి ఆరు నెలల కింద, అంటే 31వ నెల నుంచి 36వ నెల వరకు జమ చేస్తామని రాసుకుంటే కథ మారిపోతుంది. ఒక్కో నెల అద్దె 30 నుంచి 35 నెలలు ముందుగా ఇచ్చినట్టవుతుంది. అదే 6 శాతం వడ్డీ లెక్కన మీరు వదులుకునేది 97.5. అంటే లాభంలో సగానికి పైగా పోయింది. మొత్తం డబ్బు 12 శాతం లోన్ తెచ్చి ఇస్తే ఖర్చు 195 అవుతుంది, లాభం 183 కంటే అదే ఎక్కువ. మీరనుకున్నట్టు సగం పొదుపు, సగం లోన్ అయితే ఖర్చు దాదాపు 146, మూడేళ్లకు మీకు మిగిలేది 37. వందకు వంద పాళ్లు అనుకున్నట్టే జరిగినా ఇంతే. దీనికోసం ఆరు నెలల అద్దె రెండున్నరేళ్లు ఇంకొకరి చేతిలో పెట్టడం సరి కాదు. ఇవి బారువడ్డీతో వేసిన ముతక లెక్కలే. మీ లోన్ వడ్డీతో మీరే ఒకసారి వేసుకోండి, అంకెలు మారినా దారి మారదు.

ఓనర్ మాత్రం చివరి నెలల కింద జమ చేయమనే అడుగుతారు, ఆయన వైపు నుంచి అదే సహజం. అప్పుడు మధ్యే మార్గం ఒకటుంది. ఆరు నెలల డబ్బును ఏటా రెండు నెలల చొప్పున జమ చేసుకోమనండి. 1, 2 నెలలు, 13, 14 నెలలు, 25, 26 నెలలు ఆ డబ్బులోంచి పోతాయి, మిగతా నెలలు మామూలుగా కడతారు. పొదుపు డబ్బు అయితే దీనివల్ల మీరు వదులుకునే వడ్డీ 37.5. రెండు నెలలు గడిచాక ఆయన దగ్గర ఉండేది 400, రెండో ఏడాది రెండు నెలలు గడిచాక 200, మూడో ఏడాది రెండు నెలలకు ఏమీ ఉండదు. ఓనర్‌కు రెండేళ్లకు పైగా మీ డబ్బు కొంత చేతిలో ఉన్నట్టు ఉంటుంది, మీకు ప్రతి ఏడాదీ భారం తగ్గుతుంది. నన్నడిగితే మీ పరిస్థితికి ఇదే నప్పుతుంది. అదీ ఆరు నెలలు కాదు, చేతిలో ఉన్న మూడు నెలల డబ్బుతోనే, ఏటా ఒక నెల చొప్పున. లోన్ అవసరమే రాదు.

ఆరు నెలలు ఇస్తామంటేనే ఆయన ఒప్పుకోకపోవచ్చు కదా, మూడు నెలలకు ఒప్పుకుంటారా అని మీకు సందేహం వస్తుంది. ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించండి. మొదటి ఆరు నెలలది ముందే ఇస్తే వడ్డీ రూపంలో ఆయనకు దక్కేది ఆ 7.5 దరిదాపుల్లోనే. ఆయన వదులుకునేది 183. కేవలం అడ్వాన్స్ కోసమే అయితే ఏ ఓనరూ ఒప్పుకోకూడదు. ఒప్పుకోవడానికి ఆయనకు ఉన్న అసలు కారణం వేరే. మీరు వెళ్లిపోతే ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఒక నెల అద్దె పోతుంది. రంగులు, చిన్న చిన్న రిపేర్లు, ఏజెంటు కమీషన్ కలిపితే ఇంకో సగం నెలో నెలో పోతుంది. మూడేళ్లలో ఇలా ఒక్కసారి జరిగినా ఆయన నష్టం 150 నుంచి 200 వరకు ఉంటుంది. పైగా వచ్చే కొత్తవాళ్లు నెలనెలా సరిగా కడతారో లేదో తెలియని టెన్షన్. మీరు రెండేళ్లుగా ఉన్నారు, ఎలాంటివారో ఆయనకు తెలుసు. మూడేళ్లు కదలబోమని మీరిచ్చే మాటే ఆయనకు విలువైనది. అడ్వాన్స్ ఆ మాట నిజమని నమ్మించడానికి పనికొస్తుంది. ఆ పనికి మూడు నెలలు చాలు.

పెద్ద మొత్తం ఒక్కసారిగా ఇస్తానంటే కొందరు ఓనర్లకు అనుమానం కూడా వస్తుంది. నెలనెలా కట్టలేడా, ఇంకేదైనా ఇబ్బంది ఉందా అనుకుంటారు. మీ విషయంలో చెప్పడానికి మంచి కారణం ఉంది, దాన్నే ముందు చెప్పండి.

ఇప్పుడు ఎలా అడగాలన్నది. అగ్రిమెంట్ ముగియడానికి రెండు నెలల ముందు వెళ్లండి, సంతకాల రోజు కాదు. వరుస కూడా ముఖ్యం. ముందు మొదటి ఏడాది అద్దె ఎంతో తేల్చుకోండి. ఆయన 100 అన్నాక, అది ఖాయమయ్యాక మూడేళ్ల మాట ఎత్తండి. తలకిందులుగా చేస్తే ఏమవుతుందో చూడండి. మూడేళ్లు పెంచొద్దని ముందే అడిగితే, "సరే, అయితే మొదటి నుంచే 105 ఇవ్వండి" అంటారు. 105 చొప్పున 36 నెలలకు 3,780. ఏటా 5 శాతం పెంచుకుంటూ పోయినా 3,783. అంటే మీకు మిగిలింది 3. ఆయన పెంచాల్సినంతా మొదటి రోజే పెంచేసి, పైగా అడ్వాన్స్ కూడా తీసుకున్నట్టు. పెంచలేదు కదా అన్న తృప్తిలో ఇది కనిపించదు.

మాటలు ఇలా ఉండొచ్చు: "సార్, మా అబ్బాయి చదువు ఇక్కడే పూర్తవ్వాలి, మూడేళ్లు మేం ఎక్కడికీ వెళ్లం. మీరన్న 100కి ఒప్పుకుంటున్నాం. మూడేళ్లకు ఒకే అగ్రిమెంట్ రాసుకుందాం, అద్దె అదే ఉండేలా. మీకు భరోసాగా మూడు నెలల అద్దె ఇప్పుడే ఇస్తాను. ఏటా మొదటి నెల అద్దె కింద దాన్ని జమ చేసుకోండి. మధ్యలో ఇల్లు ఖాళీ అవుతుందన్న బెంగ మీకు ఉండదు." ఇంతకంటే ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆలోచించుకోమని ఒక వారం టైమ్ ఇచ్చి వచ్చేయండి.

ఆయన పూర్తిగా ఒప్పుకోకుండా మధ్యలో ఏదో చెప్పే అవకాశం ఎక్కువ. "102 చొప్పున మూడేళ్లు" అనొచ్చు. లేదా "మొదటి ఏడాది 100, తర్వాత 102, తర్వాత 104" అనొచ్చు. రెండిటికీ మొత్తం ఒకటే, 3,672. రెండిట్లోనూ మీకు 111 మిగులుతుంది. కానీ మీరు రెండోదే ఎంచుకోండి. మధ్యలో కదలాల్సి వస్తే అప్పటిదాకా మీరు కట్టింది తక్కువ ఉంటుంది. ఒకేలా 102 కట్టినవారు ఏడాదికే ఖాళీ చేస్తే, మామూలుగా కట్టాల్సిన దానికంటే 24 ఎక్కువ కట్టి వెళ్లినట్టు.

మీ దగ్గర ఏటా అద్దెలు ఎంత పెరుగుతున్నాయో కూడా విచారించండి. ఓనర్ ఇదివరకు 5 శాతం పెంచారు కాబట్టి ఇకపైనా అంతే పెంచుతారని గ్యారంటీ లేదు. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీగా ఉండి అద్దెలు 2 శాతమే పెరిగేలా ఉంటే, అద్దె పెంపు ఆపించుకోవడం వల్ల మూడేళ్లకు మిగిలేది 72 మాత్రమే. అద్దెలు తగ్గే పరిస్థితి ఉంటే మూడేళ్ల ఒప్పందంలో మీరే ఇరుక్కుంటారు. అదే వీధిలో ఇలాంటి ఇల్లు ఇప్పుడు ఎంతకు ఇస్తున్నారో నాలుగు చోట్ల అడిగితే మీకు అర్థమైపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. దీని గురించి చెప్పడానికి నా సొంత అనుభవమే చాలు.

చాలా ఏళ్ల కిందట నేను కూడా మీలాగే ఎనిమిది నెలల అద్దె ముందే ఇచ్చి, రెండేళ్లు అద్దె పెంచకూడదని రాయించుకున్నాను. ఆ వాక్యం చూసుకుని ఎంతో సంతోషపడ్డాను. కింద ఇంకో వాక్యం ఉంది, అది ప్రతి అగ్రిమెంట్‌లో ఉండేదే కదా అని చదివి వదిలేశాను: "ఇరుపక్షాలలో ఎవరైనా రెండు నెలల ముందస్తు నోటీసుతో ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు." పదకొండో నెలలో ఇల్లు అమ్ముడుపోయింది. కొత్త యజమాని నోటీసు పంపారు, ఉండాలంటే కొత్త అద్దె కట్టాలన్నారు. నా అడ్వాన్స్ గురించి అడిగితే అది తన దగ్గరికి రాలేదన్నారు. పాత యజమానిని అడిగితే ఇంటి ధరలో సర్దుబాటు చేశానన్నారు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి కొంత డబ్బు వదులుకుని ఖాళీ చేశాను. అద్దె పెంచకూడదన్న వాక్యాన్ని ఎవరూ అతిక్రమించలేదు. అగ్రిమెంట్‌నే రద్దు చేశారు, ఆ హక్కు నేనే సంతకం పెట్టి ఇచ్చాను.

ఓనర్ రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించగలిగితే, మూడేళ్ల స్థిరమైన అద్దె విలువ నిజానికి రెండు నెలలే. ఎప్పుడు ఎక్కువ అద్దె ఇచ్చేవారు దొరికినా ఆయన నోటీసు ఇచ్చి, "లేదంటే మీరే అంత ఇవ్వండి" అనగలరు. కాబట్టి అద్దె ఎంత అన్నదానితో పాటు మూడేళ్ల గడువును కూడా గట్టిగా కట్టించుకోవాలి. మీరు అద్దె ఎగ్గొట్టడం, ఇంటిని పాడు చేయడం, ఇంకొకరికి అద్దెకు ఇవ్వడం లాంటి పేరు పెట్టి రాసిన కారణాలు తప్ప, 36 నెలల లోపు ఓనర్ ఖాళీ చేయించకూడదని రాయాలి. మీరు మాత్రం మొదటి ఏడాది తర్వాత రెండు నెలల నోటీసుతో వెళ్లొచ్చని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే, ముందే వెళ్లినందుకు ఒక నెల అద్దె పరిహారంగా ఇస్తామనండి. అది న్యాయమైన మాటే. మీరు మూడేళ్లు ఉంటారన్న నమ్మకంతోనే కదా ఆయన అద్దె పెంచకుండా ఆగింది.

ఏడాది అగ్రిమెంట్ రాసుకుని, "తర్వాత రెండేళ్లు కూడా ఇదే అద్దెకు పొడిగిస్తాను" అని ఆయన నోటితో చెబితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆయన మంచివారే కావచ్చు. ఆయన ఆరోగ్యం బాగోలేక వ్యవహారాలు పిల్లల చేతికి వస్తే, వాళ్లకు కాగితం మీద ఉన్నదే తెలుస్తుంది. చాలా చోట్ల కొంత కాలానికి మించిన గడువుతో రాసిన అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయిస్తేనే అది పూర్తిగా చెల్లుతుంది. ముందస్తు అద్దె ఎన్ని నెలలది తీసుకోవచ్చన్న దానికీ కొన్ని చోట్ల చట్టం హద్దు పెట్టింది. సంతకం పెట్టే ముందు మీ ఊళ్లో అద్దె వ్యవహారాలు చూసే ఒక లాయర్‌కు డ్రాఫ్ట్ చూపించి ఈ రెండూ అడగండి. ఆయనకిచ్చే ఫీజును ఆ 183లోంచి పోయిందనుకోండి, అది అవసరమైన ఖర్చే.

అగ్రిమెంట్‌లో అడ్వాన్స్ గురించి రాసేటప్పుడు పదాలు జాగ్రత్త. మీరు ఇదివరకే ఇచ్చిన సెక్యూరిటీ డిపాజిట్ వేరు, ఇప్పుడిచ్చే ముందస్తు అద్దె వేరు. డిపాజిట్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నష్టాలు ఏమైనా ఉంటే మినహాయించుకుని తిరిగిచ్చేది. ముందస్తు అద్దె ఫలానా నెలల అద్దె కింద జమ అయిపోయేది. రెండిటినీ కలిపి "అడ్వాన్స్" అని ఒకే మాటగా రాస్తే, ఖాళీ చేసే రోజున గోడలకు రంగులని, కిటికీ పగిలిందని చెప్పి మీ ముందస్తు అద్దెలోంచే కోస్తారు. లేదా "అడ్వాన్స్ చివర్లో ఇస్తాం, ఈ నెల అద్దె కట్టండి" అంటారు. అందుకని రెండూ వేర్వేరు క్లాజుల్లో, వేర్వేరు మొత్తాలతో ఉండాలి.

ఆ క్లాజు దాదాపు ఇలా ఉంటే సరిపోతుంది: "అద్దెదారు ఈ రోజున మూడు నెలల అద్దెను ముందస్తు అద్దెగా యజమానికి చెల్లించారు. ఇది సెక్యూరిటీ డిపాజిట్ కాదు. దీన్ని ఒప్పందంలోని 1, 13, 25 నెలల అద్దె కింద నెలకు ఒక నెల అద్దె చొప్పున జమ చేస్తారు. ఏ కారణం వల్లనైనా ఒప్పందం ముందే ముగిస్తే, జమ కాని మొత్తాన్ని ఇల్లు అప్పగించిన 15 రోజుల లోపు యజమాని తిరిగి చెల్లించాలి. ఇల్లు ఇతరులకు బదిలీ అయితే ఈ ఒప్పందం, జమ కాని ముందస్తు అద్దె బాధ్యత కొత్త యజమానికి కూడా వర్తిస్తాయి." ఏ కారణం వల్లనైనా అన్న మాట తీసేయనివ్వకండి. అగ్ని ప్రమాదం జరిగి ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోయినా డబ్బు మీకు రావాలంటే ఆ మాటే ఆధారం.

అద్దె క్లాజులో "36 నెలల పాటు నెల అద్దె ఇంత, ఈ కాలంలో పెంచరు" అని రాస్తే సగం పనే అయినట్టు. మెయింటెనెన్స్, నీళ్లు, పార్కింగ్ లాంటివి అద్దెలో కలిసి ఉన్నాయా, విడిగా కడుతున్నారా అన్నది అక్కడే తేల్చుకోండి. అద్దె పెంపు ఆగిపోయిన ఇళ్లలో తరచుగా పెరిగేది మెయింటెనెన్స్. అది విడిగా ఉంటే, అసోసియేషన్ గానీ కార్పొరేషన్ గానీ నిజంగా పెంచి బిల్లు ఇచ్చినంత మేరకే మీరు కడతారని రాయించండి.

ఇంటి మీద లోన్ ఉందా అని కూడా మొహమాటం లేకుండా అడగండి. తాకట్టు మీద ఉన్న ఇంటికి ఆ తర్వాత రాసిన అగ్రిమెంట్‌ను బ్యాంకు గుర్తించకపోవచ్చు. ఓనర్ వాయిదాలు కట్టలేక బ్యాంకు ఇల్లు తీసుకుంటే మీ అడ్వాన్స్‌కు దిక్కుండదు. లోన్ ఉందంటే అడ్వాన్స్‌ను మూడు నెలల నుంచి ఒక నెలకు తగ్గించండి. ఇల్లు ఇద్దరు ముగ్గురి పేరు మీద ఉంటే అందరి సంతకాలూ ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపి, పంపేటప్పుడు ఫలానా నెలల ముందస్తు అద్దె అని రాయండి. రసీదులో కూడా అదే మాట ఉండాలి. 13వ నెల, 25వ నెల వచ్చినప్పుడు "ఈ నెల అద్దె అడ్వాన్స్ నుంచి జమ అయింది" అని ఆయన నుంచి ఒక మెసేజ్ తీసుకుని దాచుకోండి. మూడేళ్ల తర్వాత ఎన్ని నెలలు జమ అయ్యాయో ఇద్దరికీ గుర్తుండదు.

రిపేర్ల విషయం ఒకటి మిగిలింది. డబ్బు ముందే చేతికి వచ్చాక పని చేయించడంలో కాస్త నిదానం అయ్యే ఓనర్లు ఉన్నారు. నీళ్ల లీకేజీ, కరెంటు లాంటివి చెప్పిన ఎన్ని రోజుల్లో చేయించాలో రాయండి. చేయించకపోతే మీరే చేయించి, బిల్లు చూపించి అద్దెలో తగ్గించుకోవచ్చని ఆయన చేత ఒప్పించుకోండి. ఇప్పటికే పెండింగ్‌లో ఉన్న పనులేమైనా ఉంటే సంతకానికి ముందే చేయించుకోండి. మూడేళ్లకు అద్దె ఖాయం చేస్తూ ఆయన మీకు కొంత వదులుతున్నారు కాబట్టి, తర్వాత కొత్త రంగులు, కొత్త ఫిట్టింగులు అడిగితే ఆయన ఉత్సాహం చూపించకపోవచ్చు.

ఆయన గడువు క్లాజుకు ఒప్పుకోకుండా, నోటీసు హక్కు తనకు ఉండాల్సిందే అంటే, అడ్వాన్స్ ఇవ్వకండి. అప్పుడు మామూలు ఏడాది అగ్రిమెంట్ రాసుకుని, పెంపు 5 బదులు 3 శాతానికి తగ్గించమని అడగండి. మూడేళ్లు అలా తగ్గితే కట్టేది దాదాపు 3,709, అడ్వాన్స్ ఏమీ లేకుండానే 74 మిగులుతుంది. ఆరు నెలల అడ్వాన్స్ సగం లోన్‌తో కలిపి చివరి నెలలకు కట్టి మిగుల్చుకునే 37కు ఇది రెట్టింపు. ఈ అంకెలు మీ ఆవిడ గారికి కూడా చూపించి, ఇద్దరూ కలిసే ఓనర్ గారి దగ్గరికి వెళ్లండి.